సినిమా సినిమాలా, మ్యాచ్ మ్యాచ్‌లా

కొత్త టీవీలో బాగా తెలిసిన సినిమా ఏదైనా పెట్టుకుని చూస్తే చాలామందికి ఏదో తేడా కొడుతుంది. బొమ్మ స్పష్టంగానే ఉంటుంది, రంగులకూ వంక పెట్టలేం. కానీ హీరో నడిచి వస్తుంటే షూటింగ్ జరుగుతున్న చోట పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. గోడలు సెట్టింగుల్లా, మేకప్ మేకప్‌లా కనిపిస్తాయి. కోట్లు పోసి తీసిన సినిమా మధ్యాహ్నం సీరియల్‌లా తయారవుతుంది.

దీనికి కారణం టీవీలోని మోషన్ స్మూతింగ్. షాపులో డబ్బా విప్పినప్పుడే ఇది ఆన్ అయి ఉంటుంది. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్ తన సినిమా షూటింగ్ మధ్యలో దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీని పక్కన పెట్టుకుని, దీన్ని ఆపేసి సినిమా చూడండని జనాన్ని కోరుతూ ఒక వీడియో విడుదల చేశాడు. మరుసటి ఏడాది టీవీ కంపెనీలూ స్టూడియోలూ కలిసి `Filmmaker Mode` అనే పిక్చర్ మోడ్‌ను ప్రకటించాయి. ఆ మోడ్ పెడితే స్మూతింగ్ దానంతట అదే ఆగిపోతుంది.

సినిమా ఒక్కటే చూసే ఇల్లయితే కథ ఇక్కడితో అయిపోయేది. మన ఇళ్లలో అదే టీవీలో క్రికెట్టూ చూడాలి. స్మూతింగ్ ఆపేస్తే బంతి కనపడదనీ, ఆటగాళ్లు పరిగెడుతుంటే గీతలు గీతలుగా అవుతారనీ ఒక భయం ఉంది. అందులో కొంత నిజం ఉంది. అదెంతో తెలియాలంటే సినిమా, మ్యాచ్ టీవీలోకి ఎలా వస్తాయో ముందు చూడాలి.

సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. మాటల సినిమా వచ్చిన కొత్తలో కుదిరిన ఈ లెక్క తొంభై ఏళ్లు దాటినా మారలేదు. కెమెరా మామూలుగా ఒక్కో బొమ్మకు సెకనులో 48వ వంతు సేపు తెరుచుకుంటుంది కాబట్టి, కదిలే మనిషి ప్రతి బొమ్మలోనూ కొద్దిగా అలుక్కుని పడతాడు. ఆ అలుకుడు, బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉన్న ఆ ఎడం, రెండూ కలిస్తేనే మన కంటికి అలవాటైన సినిమా. ఛాయాగ్రాహకులు కెమెరాను పక్కకు తిప్పేటప్పుడు కూడా ఈ 24ను మనసులో పెట్టుకునే తిప్పుతారు. ఒక వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి ఏడు సెకన్లు తీసుకునేలా తిప్పితే అదిరినట్టు ఉండదని వాళ్లలో ఒక వాడుక లెక్క.

మ్యాచ్ సంగతి వేరు. మన దేశంలో టీవీ ప్రసారాలు 50 లెక్క మీద నడుస్తాయి. హెచ్‌డీ ఛానల్లో వచ్చే క్రికెట్‌లో సెకనుకు 50 వేరువేరు క్షణాలు ఉంటాయి. ఒక్కో క్షణానికి తెర మీది గీతల్లో సగమే పంపుతారు, మిగతా సగాన్ని టీవీయే పూరించుకుంటుంది. ఏమైనా కదలిక మాత్రం సెకనుకు 50 సార్లు నమోదవుతుంది. ఒక ఫాస్ట్ బౌలర్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో బంతి వేశాడనుకోండి. సెకనుకు దాదాపు 39 మీటర్లు. అంటే మ్యాచ్ ప్రసారంలో ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య బంతి 78 సెంటీమీటర్లు జరుగుతుంది. అదే బంతిని సినిమా కెమెరాతో తీస్తే బొమ్మకు మీటరున్నర పైగా దూకుతుంది. కాబట్టి మ్యాచ్ పుట్టుకతోనే సినిమా కంటే రెండింతలు నున్నగా ఉంటుంది. టీవీ దానికి కొత్తగా చేసిపెట్టాల్సింది తక్కువే.

మోషన్ స్మూతింగ్ చేసేది ఊహించడం. రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టుకుని, ఇందులో ఇక్కడున్న చెయ్యి అందులో అక్కడుంది కాబట్టి మధ్యలో ఫలానా చోట ఉండి ఉంటుందని లెక్కగట్టి, లేని బొమ్మను గీసి మధ్యలో దూరుస్తుంది. ఖరీదైన టీవీల తెర సెకనుకు 120 సార్లు మారగలదు. 24 బొమ్మల సినిమాను 120కి నింపాలంటే ప్రతి అయిదు బొమ్మల్లో నాలుగు టీవీ గీసినవే అవుతాయి. కెమెరా తీసింది ఒక్కటే. అదే తెర మీద క్రికెట్ వస్తే టీవీ సాధారణంగా 50ని 100 చేస్తుంది. అప్పుడు సగం అసలు బొమ్మలు, సగం ఊహ. పైగా ఆ ఊహ చెయ్యాల్సిన ఎడం సెకనులో 50వ వంతే. ఎడం తగ్గితే తప్పూ తగ్గుతుంది. సినిమాను పాడుచేసే పరికరమే మ్యాచ్‌కు కొంత మేలు చెయ్యడానికి కారణం ఇదే.

ఆ మేలు ఎక్కడో, కీడు ఎక్కడో దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. బ్యాటర్ కవర్ డ్రైవ్ కొట్టాడు, బంతి వెంట కెమెరా బౌండరీ దాకా పరిగెత్తింది. అప్పుడు గడ్డి మొత్తం ఒకే దిక్కుకు కదులుతుంది, తాడు అవతల ప్రకటనల బోర్డులూ అలాగే కదులుతాయి. ఇలాంటి కదలికను టీవీ చక్కగా ఊహిస్తుంది. బోర్డు మీది అక్షరాలు చదవగలిగేలా నిలుస్తాయి, గడ్డి పచ్చరంగు పూసినట్టు కాకుండా గడ్డిలా ఉంటుంది. బంతి సంగతికొచ్చేసరికి తిరగబడుతుంది. తెర మీద బంతి చిన్న తెల్ల చుక్క, ఒక్కసారిగా దూకుతుంది. ముందు బొమ్మలోని చుక్కా తర్వాతి బొమ్మలోని చుక్కా ఒకటేనని టీవీకి తోచదు. దాంతో మధ్య బొమ్మలో బంతి మాయమవుతుంది, లేదా రెండుగా కనిపిస్తుంది. స్వీప్ ఆడుతున్నప్పుడు బ్యాటు అంచు చిరిగినట్టు అవుతుంది. పరిగెడుతున్న ఫీల్డర్ చుట్టూ గడ్డి నీళ్లలో నీడలా కదులుతుంది. ఇవి మీకు కనిపిస్తున్నాయంటే స్మూతింగ్ మోతాదు మించిందని అర్థం. షాపులో స్మూతింగ్ లేకపోతే బంతి కనపడదని చెబుతారు కానీ, బంతిని మింగేది ఎక్కువసార్లు ఆ స్మూతింగే.

ఇక అసలు పనికొద్దాం. చాలా మంచి టీవీల్లో స్మూతింగ్ అనేది ఒక్క మీట కాదు, రెండు. పేర్లు కంపెనీని బట్టి మారతాయి కానీ ఒకదానిలో జడ్డర్ అనీ, రెండోదానిలో బ్లర్ అనీ ఉంటుంది. జడ్డర్ మీట తక్కువ బొమ్మలతో వచ్చేవాటి మీద, అంటే సినిమాల మీద పనిచేస్తుంది. బ్లర్ మీట 50, 60 బొమ్మలతో వచ్చేవాటి మీద, అంటే మ్యాచ్‌ల మీద పనిచేస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. జడ్డర్‌ను సున్నాకు దించి, బ్లర్‌ను పైనే ఉంచితే సినిమా సినిమాలా ఉంటుంది, మ్యాచ్‌కు అందాల్సిన సాయమూ అందుతుంది.

శాంసంగ్‌లో `Picture` లోకి వెళ్లి, `Expert Settings`, అందులో `Picture Clarity Settings` తెరిచి, `Custom` ఎంచుకుంటే `Blur Reduction`, `Judder Reduction` అనే రెండూ కనిపిస్తాయి. ఎల్‌జీలో `Picture`, `Advanced Settings`, `Clarity`, అక్కడ `TruMotion` ను `User Selection` లో పెడితే `De-Judder`, `De-Blur` వస్తాయి. పాత మోడళ్లలో దారి కాస్త వేరుగా ఉండొచ్చు, ఈ పేర్లు పట్టుకుని వెతకండి. రెండింటిలోనూ మీటలు సున్నా నుంచి పది దాకా ఉంటాయి. జడ్డర్ 0, బ్లర్ 7 లేదా 8 దగ్గర మొదలుపెట్టి, బంతి దగ్గర చిరుగులు కనిపిస్తే బ్లర్‌ను ఇంకా తగ్గించుకోవచ్చు.

సోనీలో `Motionflow` ను `Custom` చేస్తే `Smoothness`, `Clearness` అని ఉంటాయి. పేర్లు చూసి ఇవి కూడా పై రెండింటి లాంటివే అనుకోకండి. ఊహాబొమ్మలు గీసేది `Smoothness` ఒక్కటే. `Clearness` తెర వెలుగును ఆర్పి వెలిగిస్తూ కదలికను పదునుగా చూపిస్తుంది. అది పెంచేకొద్దీ బొమ్మ మసకబారుతుంది, కొందరి కళ్లకు మినుకుమినుకుమంటుంది. శాంసంగ్‌లో `LED Clear Motion` చేసేదీ ఆ పనే. పగటిపూట కిటికీలు తెరిచి మ్యాచ్ చూసే ఇళ్లలో ఇవి ఆపి ఉంచడమే మంచిది.

చాలా చవక టీవీల్లో రెండు మీటలు ఉండవు. `MEMC` అని ఒకటే ఉంటుంది, ఆఫ్, లో, మీడియం, హై అంతే. ఇలాంటి టీవీ తెర సెకనుకు 60 సార్లు మాత్రమే మారే రకమైతే మీ పని ఇంకా తేలిక. 50 బొమ్మల మ్యాచ్ ఆ తెరను అప్పటికే దాదాపు నింపేస్తుంది, మధ్యలో ఊహ దూర్చడానికి చోటే లేదు. కాబట్టి అక్కడ స్మూతింగ్ ఆపేస్తే మ్యాచ్‌కు పోయేది ఏమీ ఉండదు. సినిమాకు మాత్రం పెద్ద మేలు జరుగుతుంది. డబ్బా మీద పెద్ద పెద్ద అంకెలతో వెయ్యి, రెండు వేలు అని రాసి ఉంటే అవి చూసి మోసపోకండి. అసలు రిఫ్రెష్ రేట్ 60 హెర్ట్‌జా, 120 హెర్ట్‌జా అన్నది మాన్యువల్లో వివరాల పట్టికలో చూసుకోవాలి.

మరి ఆపేశాక మ్యాచ్ నిజంగానే పాడైందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారా? కాదు. గుంటూరులో మా పెద్దమ్మగారి ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. 120 హెర్ట్‌జ్ తెర ఉన్న 55 అంగుళాల టీవీ, దానికి ఒక స్ట్రీమింగ్ స్టిక్, ఒక డీటీహెచ్ బాక్సు. "ఈ టీవీలో సినిమాలన్నీ సీరియల్స్‌లా ఉంటున్నాయి, నువ్వొచ్చావుగా, కాస్త చూసిపెట్టు" అంది వదిన. అన్నయ్య అడ్డం పడ్డాడు. "దాన్ని మాత్రం ముట్టుకోకురా. మొన్న మా బావమరిది ఆపేస్తే మ్యాచంతా కుదుపులే. షాపువాడు ముందే చెప్పాడు."

అన్నయ్య చెప్పిన కుదుపులు ఉన్నమాట నిజం. దోషం మాత్రం ఆపిన మీటది కాదు. ఆయన మ్యాచ్ చూసేది స్టిక్‌లో. ఆ స్టిక్ ఏది వచ్చినా 60 హెర్ట్‌జ్‌లోనే టీవీకి పంపేలా సెట్ అయి ఉంది. వచ్చేవి 50 బొమ్మలు, పంపాల్సినవి 60. అందుకని సెకనుకు పది బొమ్మలను రెండేసిసార్లు చూపిస్తోంది. ప్రతి అయిదో బొమ్మ దగ్గరా ఒక చిన్న తొట్రుపాటు. స్మూతింగ్ ఆన్ చేసి ఉన్నన్నాళ్లూ ఆ తొట్రుపాటును అది కొంత కప్పిపుచ్చింది. ఆపగానే బయటపడింది.

దీన్ని పట్టుకోవడానికి నేను చూసింది క్రికెట్ కాదు, తెలుగు వార్తల ఛానల్ అడుగున పరిగెత్తే స్క్రోలింగ్. చాలా ఛానళ్లలో అది 50 లెక్కన నున్నగా జరుగుతుంది, అక్షరాలు కాబట్టి చిన్న కుదుపైనా కంటికి తగులుతుంది. స్మూతింగ్ పూర్తిగా ఆపి, డీటీహెచ్ బాక్సులో వార్తలు పెడితే స్క్రోలింగ్ జారినట్టు సాఫీగా సాగింది. అదే ఛానల్‌ను స్టిక్‌లో పెడితే అక్షరాలు తడబడుతూ కదిలాయి. టీవీ ఒకటే, సెట్టింగ్ ఒకటే, తేడా పంపే పెట్టెలో ఉంది.

ఫైర్ టీవీ స్టిక్ అయితే `Settings` లో `Display & Sounds`, `Display` కు వెళ్లి `Match Original Frame Rate` ను ఆన్ చెయ్యాలి. ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ బాక్సులు చాలావాటిలో `Match content frame rate` అనీ, యాపిల్ టీవీలో `Match Content` కింద `Match Frame Rate` అనీ ఉంటుంది. దీనికి యాప్ కూడా సహకరించాలి, అన్నీ సహకరించవు. సహకరించని యాప్ అయితే మ్యాచ్ రోజున స్టిక్ రిజల్యూషన్‌ను `1080p 50Hz` కు మార్చుకోవచ్చు. లేదా స్టిక్‌ను పక్కన పెట్టి టీవీలోనే ఉన్న యాప్‌లో చూడొచ్చు. అన్నయ్య ఈ చివరి దారే ఎంచుకున్నాడు, రిమోట్ ఒకటి తగ్గుతుందని.

ఇదే 60 పట్టుదల సినిమానూ ఇబ్బంది పెడుతుంది. 24 బొమ్మలను 60 గడుల్లో సర్దడమంటే 24 మందికి 60 ఇడ్లీలు పంచడమే. ఒకడికి మూడు, పక్కవాడికి రెండు. కెమెరా మెల్లగా తిరిగే షాట్లలో ఈ హెచ్చుతగ్గులు సన్నటి కుంటినడకలా కనిపిస్తాయి. 120 తెరకు అసలు 24 అందితే అందరికీ అయిదేసి వస్తాయి, కుంటడం పోతుంది. కాబట్టి స్టిక్‌లో చేసే ఆ ఒక్క మార్పు సినిమాకూ, మ్యాచ్‌కూ రెండింటికీ పనికొస్తుంది.

కుదుపుకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు. నెట్ నెమ్మదించినప్పుడు కొన్ని యాప్‌లు బొమ్మ నాణ్యతతో పాటు బొమ్మల సంఖ్యనూ తగ్గిస్తాయి. మ్యాచ్ 25 లెక్కన రావడం మొదలైతే ఫీల్డర్లు గంతులేస్తున్నట్టు కనిపిస్తారు. బ్లర్ మీట అక్కడ ఉపయోగపడదు, ఎందుకంటే ఇప్పుడు మ్యాచ్ కూడా సినిమాలాగే తక్కువ బొమ్మలతో వస్తోంది. దీన్నీ సర్దుకోవాలనుకునేవాళ్లు మ్యాచ్‌కు వాడే పిక్చర్ మోడ్‌లో మాత్రం జడ్డర్‌ను 2 లేదా 3కి పెట్టుకోవచ్చు.

పిక్చర్ మోడ్‌ల మాట వచ్చింది కాబట్టి, ఒకటే మీట ఉన్నవాళ్లకూ సోనీ వాళ్లకూ దారి అదే. చాలా టీవీల్లో స్మూతింగ్ సెట్టింగ్ ఒక్కో పిక్చర్ మోడ్‌కు విడిగా నిలిచి ఉంటుంది. `Filmmaker Mode` లేదా `Cinema` లో స్మూతింగ్ పూర్తిగా ఆపేయండి. `Standard` ను మ్యాచ్‌కు కేటాయించి అందులో కావలసినంత పెట్టుకోండి. `Sports` మోడ్‌ను నేను సిఫారసు చెయ్యను. దాంట్లో గడ్డి పచ్చదనం కళ్లు పొడుస్తుంది, స్మూతింగ్ కూడా ఎక్కువగానే పెట్టి ఉంటుంది. ఒక ఇన్‌పుట్‌కు సినిమా, ఇంకో ఇన్‌పుట్‌కు మ్యాచ్ అని విడగొడితే సరిపోతుందనుకుంటారు కొందరు. డీటీహెచ్ బాక్సు విషయంలో అది కుదరదు. సాయంత్రం మ్యాచ్, రాత్రి సినిమా రెండూ ఒకే తీగలో, ఒకే 50 లెక్కలో వస్తాయి. ఛానల్ వాళ్లు 24 బొమ్మల సినిమాను మామూలుగా 25 వేగంతో నడుపుతారు. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోతుంది. తీగలో వచ్చేది 50 లెక్కే అయినా, అందులో బొమ్మలు జంటలు జంటలుగా ఒకే క్షణానివని టీవీ గుర్తుపట్టగలగాలి. ఎల్‌జీలో `Real Cinema`, సోనీలో `CineMotion` లాంటివి సినిమా బొమ్మలను ఇలా పోల్చుకుని ఉన్నదున్నట్టు చూపడానికే. పేరు చూసి ఇవీ స్మూతింగే అనుకుని ఆపేస్తుంటారు కొందరు. వాటిని ఆన్‌లోనో, ఆటోలోనో ఉంచండి.

సినిమాకు స్మూతింగ్ ఆగిందో లేదో తేల్చుకోవడానికి ఒక మనిషి కిటికీ ఊచల ముందు నుంచో, మెట్ల రెయిలింగ్ ముందు నుంచో నడిచి వెళ్లే షాట్ చూడండి. స్మూతింగ్ ఉంటే మనిషి అంచుల వెంట ఊచలు వంకర తిరుగుతాయి, ఒళ్లు దాటగానే మళ్లీ అతుక్కుంటాయి. ఆగితే ఊచలు కదలవు.

ఆపిన మొదటి రెండు మూడు సినిమాలు కొందరికి అదురుతున్నట్టు అనిపిస్తాయి, ముఖ్యంగా ఓఎల్‌ఈడీ తెరల మీద. ఆ తెరలో ప్రతి చుక్కా తక్షణం మారిపోతుంది కాబట్టి, బొమ్మకూ బొమ్మకూ మధ్య ఎడం ఎల్‌సీడీ కంటే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. తెల్లటి ఆకాశం ముందు కెమెరా గబగబా తిరిగే షాట్‌లో ఇది బాగా బయటపడుతుంది. కొన్నాళ్లకు కన్ను అలవాటు పడుతుంది. పడకపోతే జడ్డర్‌ను 1 లేదా 2 చేసుకోండి, ఎల్‌జీలో అయితే `Cinematic Movement` పెట్టుకోండి. సినిమా చెడకుండా అంతవరకు ఊహించనివ్వొచ్చు. 5 దాటితే మళ్లీ సీరియలే.

చివరిగా ఒక జాగ్రత్త. మామూలు వీడియోకు, హెచ్‌డీఆర్‌కు, డాల్బీ విజన్‌కు చాలా టీవీలు వేరువేరు సెట్టింగులు దాచుకుంటాయి. హెచ్‌డీఆర్ సినిమా నడుస్తుండగానే దాని మెనూ తెరుచుకుంటుంది కాబట్టి, ఒక్కో రకం సినిమా పెట్టి ఒక్కోసారి స్మూతింగ్ ఆపాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాకా, టీవీని రీసెట్ చేశాకా, ఏఐ పిక్చర్ లాంటి ఆటోమేటిక్ మోడ్ ఆన్ చేశాకా ఈ మీటలు పాత చోటికి పోయే వీలుంది. తర్వాత చూసే సినిమాలో హీరో మళ్లీ సీరియల్ నటుడిలా నడుస్తుంటే ముందు అక్కడే వెతకండి.